క్వారంటైన్‌లో మూడు రోజులు

ముందే ఒప్పేసుకుంటున్నాను, ఈ కథలో మెయిల్ అడ్మిన్ మీరు మెచ్చుకునే మనిషి కాదు. రోజూ పొద్దున్నే కాఫీ పట్టుకుని ఆఫీసు క్వారంటైన్ ఫోల్డర్ తెరిచి, స్పామ్ అనుకుని ఫిల్టర్ పొరపాటున అందులో ఆపేసిన మంచి మెయిళ్ళను విడిపించడం ఆమె పని.

సోమవారం అందులో పక్క సీటు పిల్లకొచ్చిన మెయిల్ కనిపించింది. ఆరు నెలల శిక్షణకు ఎంపికైందట, గురువారం సాయంత్రంలోగా ఒప్పుకోవాలట. అడ్మిన్ కూడా దానికే దరఖాస్తు పెట్టింది. ఆమెకేమీ రాలేదు. రేపు చూద్దాంలే అనుకుని ఆ మెయిల్‌ను విడిపించకుండా వదిలేసింది. మంగళవారం, బుధవారం కూడా అంతే.

గురువారం మధ్యాహ్నం ఆ పిల్లే కుర్చీ జరుపుకుంటూ వచ్చింది.

"అక్కా, శిక్షణవాళ్ళు నాకు మెయిల్ పంపారట. ఎక్కడైనా ఇరుక్కుందేమో చూడవా?"

"నీకా?"

"నాకే. నా దరఖాస్తు దిద్దింది నువ్వేగా. నాకొచ్చి నీకు రాకుండా ఉంటుందా? నీదీ వెతుకు."

అడ్మిన్ మొహం మానిటర్ వెనక్కి దాచుకుంది. పంపినవాళ్ళు అసలువాళ్ళేనని సరిచూసి, మెయిల్ విడుదల చేసి, ఇకపై ఆగకుండా ఆ చిరునామాను అనుమతి జాబితాలో చేర్చింది. పిల్ల గెంతులేసింది.

పావుగంటకి అదే చిరునామా నుంచి అడ్మిన్‌కీ ఒకటి వచ్చింది, ఏ అడ్డూ లేకుండా నేరుగా. ఈసారి మీకు అవకాశం ఇవ్వలేకపోతున్నామట.

"ఏమొచ్చిందక్కా?"

"స్పామ్," అంది.

మీరూ ఎవరిదైనా మంచి కబురు ఇలా చూసీ చూడనట్టు వదిలేశారా? కింద రాయండి.