రోల్స్‌లో ఉన్నవారికి మాత్రమే

మా కాలేజీలో ఉత్తరం రాయడం నా అంత బాగా ఎవరికీ రాదని నాకు గట్టి నమ్మకం ఉండేది. ప్రిన్సిపాల్ కూడా యూనివర్సిటీకి ఏదైనా రాయాల్సి వస్తే కాగితం నా దగ్గరికే పంపేవారు. ఆ నమ్మకమే ఒక ఆడపిల్ల కొంప ముంచింది. ఇది చెప్పుకుంటే పరువు పోతుంది, పోనీ.

కె.ఆర్.పురం స్టేషను దాటాక, ఓల్డ్ మద్రాస్ రోడ్డు పక్కన మా నర్సింగు కాలేజీ. నా పేరు ఇస్సాకు, అక్కడ లైబ్రేరియన్ని. 2007లో కాలేజీవాళ్ళు ఒక ఢిల్లీ పబ్లిషర్ దగ్గర ఫైనలియర్ కమ్యూనిటీ హెల్త్ పాఠాలకు చందా కట్టారు. పదకొండు యూనిట్లు, కొత్త సిలబస్ ప్రకారం రాసినవి. అచ్చులో దొరకవు. కాలేజీ ఆవరణలోని కంప్యూటర్లలో ఇంటర్నెట్ మీద మాత్రమే తెరుచుకుంటాయి. వాటిని కాపీ చేసి దాచుకోవాలన్నా, బయటికి తీసుకెళ్ళాలన్నా పబ్లిషర్ రాతపూర్వక అనుమతి ఉండాలని ఒప్పందంలో ఉంది. ఆ ఒప్పందం మొత్తం చదివింది కాలేజీలో నేనొక్కణ్ణే.

ఫైనలియర్ పిల్లలు ఏప్రిల్, మే నెలల్లో దేవనహళ్ళి అవతల ఒక ఆరోగ్య కేంద్రంలో ఉండి, చుట్టుపక్కల ఊళ్ళు తిరగాలి. అక్కడ ఒక కంప్యూటర్ ఉంది కానీ ఇంటర్నెట్ లేదు. ఆగస్టులో పరీక్షలు. ఈ సంగతి ముందుగా పట్టించుకుని మార్చిలోనే నా బల్ల దగ్గరికి వచ్చిన పిల్ల కిరణ్మయి. కె.ఆర్.పురం సంతలో పూలమ్మే అంజినమ్మ కూతురు. వాళ్ళ ఇంట్లో పదో తరగతి దాటింది ఆ అమ్మాయి ఒక్కతే.

"సార్, ఆడ నెట్ లేదంట. ఆ పాఠాలు సీడీలో వేసిస్తే ఆడుండే కంప్యూటర్లో చదువుకుంటాం," అంది.

"అట్లా ఇవ్వకూడదమ్మా. పబ్లిషర్‌కి రాసి పర్మిషన్ తెప్పిస్తాను."

"వస్తాదా సార్?"

"నేను రాస్తే ఎందుకు రాదు?"

ఎంత ధీమాగా అన్నానో, ఆ పిల్ల కూడా అంత ధీమాగా వెళ్ళిపోయింది.

ప్రిన్సిపాల్ సత్యభామ మేడంది గుంటూరు. ఉత్తరం సంతకానికి తీసుకెళ్తే ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని నవ్వారు. "ఇస్సాకు గారూ, ఏంటండీ ఇది, రెండు పేజీలు? సింపుల్‌గా రెండు సీడీలు బర్న్ చేసి ఇచ్చేయండి. ఢిల్లీ నుంచి ఎవరొచ్చి చూస్తారు?"

"లైబ్రరీ పేరు మీద జరిగే పని మేడం. రాతలో ఉండాలి."

"మీ ఇష్టం. తర్వాత పిల్లలు నా మీద పడితే మాత్రం మీ దగ్గరికే పంపుతాను," అని సంతకం పెట్టారు.

ఆ ఉత్తరం ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. ఏ యూనిట్లు కావాలో వరుసగా రాశాను. విద్యార్థులు నలభై ముగ్గురు. సీడీలు రెండు, ఒకటి లైబ్రరీలో, ఒకటి ఆరోగ్య కేంద్రంలో. ప్రతి పాఠం మీద పబ్లిషర్ పేరు, కాపీరైట్ వాక్యం అట్లాగే ఉంటాయి. ఎవరు ఎప్పుడు తీసుకున్నారో రిజిస్టరులో సంతకం ఉంటుంది. గడువు తీరగానే సీడీలు విరిచేసి, విరిచేసినట్టు ధ్రువపత్రం పంపిస్తాం. ఇంతవరకు బాగానే ఉంది. ఇక్కడితో ఆగినా సరిపోయేది.

ఆగలేదు. మేం ఎంత నిక్కచ్చి మనుషులమో ఢిల్లీవాళ్ళకి తెలియాలి కదా. చివర ఇంకో వాక్యం చేర్చాను: "ఈ ప్రతులను కళాశాల రోల్స్‌లో ప్రస్తుతం ఉన్న విద్యార్థులకు మాత్రమే, లైబ్రేరియన్ వ్యక్తిగత బాధ్యత మీద ఇస్తాము." ఎవరూ అడగలేదు. రాసి, చదువుకుని, ముచ్చటపడి, ఈమెయిల్లో ఒకటి, రిజిస్టర్డ్ పోస్టులో ఒకటి పంపాను.

ఏప్రిల్ వచ్చింది, పిల్లలు దేవనహళ్ళి వెళ్ళారు. జవాబు లేదు. మేలో ఒక రిమైండర్, జూన్‌లో ఇంకొకటి పంపాను. మధ్యలో కిరణ్మయి రెండుసార్లు అక్కడి నుంచి ఫోన్ చేసింది. "వచ్చిందా సార్?" అని అడిగేది. రాలేదంటే "సరే సార్" అని పెట్టేసేది. జూన్‌లో తిరిగొచ్చాక లైబ్రరీ కంప్యూటర్ ముందు కూర్చునేది. నలభై ముగ్గురికి ఉన్నవి నాలుగు కంప్యూటర్లు, కరెంటు సగం పూట ఉండదు.

పరీక్షలు అయిపోయాక సెప్టెంబరులో జవాబు వచ్చింది. లెటర్‌హెడ్ మీద, పర్మిషన్స్ విభాగం ముద్రతో, వచ్చే జులై దాకా అనుమతి. కింద షరతులు. అందులో నాలుగోది నా వాక్యమే, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా. అది చూసి నేను పొంగిపోయాను. రెండో ప్రతి మీద సంతకం చేసి తిప్పి పంపాను, సీడీలు చేయించి బీరువాలో పెట్టి తాళం వేశాను.

అక్టోబరులో ఫలితాలు. నలభై ముగ్గురిలో ఒక్కరే తప్పారు, కిరణ్మయి. ఒకే ఒక్క సబ్జెక్టు, కమ్యూనిటీ హెల్త్. నాలుగు మార్కులు తగ్గాయి.

నవంబరులో వచ్చింది. అప్పటికి వర్తూరులో ఒక నర్సింగ్ హోమ్‌లో చేరింది. నర్సుగా కాదు, ఆయాగా. పాసైతే గాని రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేకపోతే స్టాఫ్ నర్సు పోస్టు ఇవ్వరు. అక్కడి మేట్రన్‌కి ఈ పిల్ల పనితనం నచ్చి, ఫిబ్రవరి సప్లిమెంటరీ రాసి రా, పోస్టు నీకోసం ఆపుతానని మాటిచ్చిందట.

"సార్, ఆ సీడీ ఇప్పుడు ఉండాదంట కదా. మూడు నెలలు ఇస్తే చాలు. మా మేట్రన్ కంప్యూటర్లో చూసుకోమన్నారు. ఆదివారం ఒగ పూటే నాకు లీవు. ఆ పూట మన లైబ్రరీ మూసి ఉంటాది."

నేను ఫైలు తీశాను. ఆ పిల్ల కోర్సు పూర్తయింది. లైబ్రరీ కార్డు తిరిగి ఇచ్చేసింది, బాకీలేం లేవని నో డ్యూస్ కాగితం మీద సంతకం పెట్టింది నేనే. సప్లిమెంటరీకి హాజరయ్యే అభ్యర్థి రోల్స్‌లో, అంటే కాలేజీ విద్యార్థుల జాబితాలో, ఉండడు. నాలుగో షరతు ఆ పిల్లకి చూపించాను. చూపించడం ఎందుకో, నా నోటితో చెప్పలేకనేమో.

"మళ్ళా రాస్తాను. పరీక్ష రాసేవాళ్ళని కూడా కలపమని అడుగుతాను. వస్తుంది."

తల ఊపింది. ఎనిమిదేళ్ళ కిందటి పాత టెక్స్ట్ బుక్ నా సొంతది ఒకటి ఇచ్చాను. అందులోని సర్కారు ఆరోగ్య పథకాల్లో సగం ఎప్పుడో ఎత్తేశారు.

సత్యభామ మేడం ఈసారి నవ్వలేదు. "ఇస్సాకు గారూ, బీరువా తాళం మీ దగ్గరే ఉంది. సీడీ ఇచ్చేయండి. ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటాను."

"బాధ్యత నాదని సంతకం చేశాను మేడం."

"సంతకం కోసం పిల్లని మళ్ళీ తప్పిస్తారా?"

ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. నాకు భయం కూడా కాదు, భయమైతే ఒప్పుకోవడం తేలిక. ఒక్కసారి తాళం తీసి ఇస్తే ఆ ఉత్తరం అబద్ధమైపోతుందని నా బాధ. ఇరవై ఏళ్ళ సర్వీసులో నేను నిలబెట్టింది నా మాట ఒక్కటే అనుకున్నాను. పిల్ల సంగతి ఆ మాట తర్వాత వచ్చింది. అదీ నా నిజాయితీ.

రెండో ఉత్తరం వెళ్ళింది. డిసెంబరులో ఒక రిమైండర్, జనవరిలో ఇంకొకటి. ఫిబ్రవరి పద్దెనిమిదిన పరీక్ష అయిపోయింది. ఇరవై రెండున జవాబు వచ్చింది. ఒకటే వాక్యం: సప్లిమెంటరీ అభ్యర్థులకు ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక వాక్యానికి మూడు నెలలా అని ఢిల్లీకి ఫోన్ చేశాను. పర్మిషన్స్ విభాగంలో స్టాన్లీ అని ఒకాయన ఎత్తాడు. పేరు విని ఏ ఊరని అడిగితే ఒంగోలు అన్నాడు. అరిచాను. ఆయన అంతా విని, మెల్లగా చెప్పాడు.

"సార్, ఉన్న షరతు మార్చాలంటే ఫైలు లీగల్‌కి వెళ్ళాలి, అందుకే లేటు. అసలు ఆ కండిషన్ మాది కాదండీ. మా ఫార్మాట్‌లో 'కాలేజీ లైబ్రరీ పాఠకులు' అని ఉంటుంది. పరీక్ష రాసేవాళ్ళకి మీరు పాఠకులుగా ఇస్తే మాకేం పట్టింపు లేదు. మీరే తగ్గించి అడిగారు. అడిగినంతే ఇచ్చాం."

"నేను మర్యాదకి రాశాను బాబూ."

"మర్యాదకి ఎవరూ అంత రాయరండీ," అన్నాడు. వెక్కిరింతగా కాదు, నిజంగానే అర్థంకాక అన్నాడు.

ఆ ఆదివారం సీడీ, అనుమతి పత్రం, రిజిస్టరు సంచిలో పెట్టుకుని వర్తూరు బస్సెక్కాను. ఆగస్టులో ఇంకోసారి రాయొచ్చు కదా, అప్పటికైనా పనికొస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను.

నర్సింగ్ హోమ్ వెనక పంపు దగ్గర కిరణ్మయి దుప్పట్లు నానబెడుతోంది. నన్ను చూసి చేతులు కొంగుకి తుడుచుకుని లేచింది. పరీక్ష ఎట్లా రాశావని అడిగాను.

"రెండు పెద్ద ప్రశ్నలు వదిలేసినా సార్. కొత్త పథకాల మీద వచ్చినాయి. నా పుస్తకంలో లేవు. పాస్ కాను, నాకు తెలుసు."

"మేట్రన్‌కి చెప్పి ఆగస్టు దాకా..."

"నిన్న వేరే అమ్మాయిని తీసుకున్నారు సార్. మన బ్యాచ్ అమ్మాయే. ఎన్ని దినాలని ఆపుతారు, పాపం."

నేను అనుమతి పత్రం తీసి చూపించాను. ఇంకేం చేయాలో తోచలేదు. ఆ పిల్ల పైనుంచి కిందిదాకా చదివింది.

"నాకొకటి అర్థం కాలేదమ్మా," అన్నాను, ఏదో ఒకటి అనాలని. "అందరూ ఆ పల్లెల్లోనే ఉన్నారు, అదే నాలుగు కంప్యూటర్లలో చదివారు. మిగతా నలభై ఇద్దరు ఎట్లా గట్టెక్కారు?"

కిరణ్మయి నన్ను వింతగా చూసింది. "మీకు తెలీదా సార్? దేవనహళ్ళికి పోకముందే అందరూ పెన్ డ్రైవ్‌లో ఎక్కించుకున్నారు. ఆడ ఆరోగ్య కేంద్రం కంప్యూటర్లో పెట్టుకుని చదివినారు. నన్ను కూడా కూర్చోమన్నారు. నేనే పోలేదు. సార్ ఉత్తరం రాసినారు, పర్మిషన్ వస్తాది, వచ్చినంక చదువుతా అన్నా. మీరు అంత కష్టపడి రాస్తా ఉంటే నేను దొంగగా చూస్తే బాగుండదు కదా."

అందులో నిష్ఠూరం ఏమాత్రం లేదు. ఉన్నా బాగుండేది. కాలేజీ మొత్తం మీద నా మాట నమ్మింది ఆ ఒక్క పిల్ల.

లోపలి నుంచి ఎవరో పిలిచారు. "వస్తా ఉండా," అని కేకేసి, సీడీ కోసం చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. కొంగుతో ఇంకోసారి పొడిగా తుడుచుకుంది.

"సంతకం యాడ పెట్టాల సార్?"

వద్దమ్మా అనాలి. అనడానికి నోరు తెరిచాను కూడా. కానీ నా చెయ్యి అప్పటికే సంచిలోంచి రిజిస్టరు తీసి, పేజీ తెరిచి, పెన్ను ఇచ్చేసింది. తేదీ వేసి, వరసలో మొదటి పేరుగా కిరణ్మయి సంతకం పెట్టింది.