రెండో కెమెరా లెక్క

"మళ్ళీ ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" రిమోట్ గాల్లోకి ఎత్తి చూపిస్తూ అడిగింది అత్తగారు.

మూడు రోజులుగా ఇదే గొడవ. హాల్లో టీవీని అత్తగారు బాగా మెరిసేలా పెట్టుకుంటుంది. పెద్దకోడలు అటు వెళ్తూ మామూలుగా మారుస్తుంది. అత్తగారు మళ్ళీ మెరిపిస్తుంది.

"నేనే అత్తయ్యా. వార్తలు చదివే ఆవిడ ఎర్రగా కాలిన పెనంలా ఉంది, చూడలేకపోయాను."

"నీ కళ్ళకి అన్నీ అలాగే ఉంటాయి. నాకు కళకళలాడాలి. చిన్నోడు తీసింది ఈ టీవీలోనే ఎంత బాగుందో!"

"చిన్నోడు తీసిందని బాగుంది," అన్నాడు పెద్దకొడుకు ఇస్త్రీ చొక్కా వెతుక్కుంటూ. తల్లి వైపు గానీ, భార్య వైపు గానీ చూడకుండా మాట్లాడటం అతనికి పెళ్ళయిన ఏడాదికే అలవాటైంది.

చిన్నోడు భోజనాల బల్ల దగ్గర కూర్చుని బ్రెడ్డు మీద వెన్న రాస్తున్నాడు. "అమ్మ టేస్టే టేస్ట్. వదిన పుస్తకం ప్రకారం చూస్తుంది, అమ్మ మనసుతో చూస్తుంది."

పెద్దకోడలు నవ్వింది. ఈ మధ్య ఆమె నవ్వుతోందంటే భర్త కొంచెం భయపడుతున్నాడు.

కింద అంతస్తులో స్టూడియో, పైన ఇల్లు. మామగారు ఫొటోలతో మొదలుపెట్టిన దుకాణం అది. ఇప్పుడు చిన్నకొడుకు కెమెరా పట్టుకుంటాడు, పెద్దకొడుకు ఎడిటింగ్, లెక్కలు చూస్తాడు, పెద్దకోడలు ఆరేళ్ళుగా చీకటి గదిలో కూర్చుని రంగులు దిద్దుతుంది. పోయిన నెలలో ఒక ప్రకటన పూర్తయింది. దాన్ని చూడటానికి వచ్చిన పెద్దమనిషి "రంగులు ఎవరు చేశారు? అద్భుతంగా ఉన్నాయి" అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపు చిన్నోడు లేచి నిలబడి "నేనేనండీ" అన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "మా వదిన నాకు హెల్పింగ్. కెమెరా ఇచ్చే పాలిపోయిన బొమ్మని, అదే లాగ్‌ని, మామూలు రంగుల్లోకి తెచ్చే బటన్ ఉంటుంది, అది నొక్కుతుంది. అసలు పని ఆ తర్వాత కదండీ" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. అందరికంటే పెద్దగా నవ్వింది మామగారు. పైగా, "మా కోడలు బటన్ మాత్రం గట్టిగా నొక్కుతుందండోయ్" అని ఒక తాళింపు వేశాడు.

ఆ నవ్వు ఆమె గొంతులో ముల్లులా దిగింది. నెల దాటినా బయటికి రాలేదు.

ఇప్పుడు ఎనిమిది భాగాల సీరియల్ ఒకటి వస్తోంది. దర్శకురాలు ముందు ఒక సన్నివేశం తీయించి, రంగులతో సహా చూస్తానంది. నచ్చితే ఏడాది పని. తెర మీద 'రంగులు' అన్న మాట కింద ఒక పేరు పడుతుంది. ఆ పేరు చిన్నోడిదని ఇంట్లో అప్పుడే తేలిపోయింది. పెద్దకోడలిని ఎవరూ అడగలేదు. అత్తగారు మాత్రం దయతలచి, "నీకూ కాస్త తీరిక దొరుకుతుందిలే అమ్మాయ్" అంది.

"చూడు వదినా," అన్నాడు చిన్నోడు బ్రెడ్డు నములుతూ. "మార్పిడి వరకు పెట్టేసి వదిలెయ్. ఆ తర్వాత నువ్వు చెయ్యి పెట్టకు. ఆవిడ ముందు నేనే చేస్తాను, లైవ్‌లో."

లాగ్‌లో తీసిన బొమ్మ బూడిద నీళ్ళలో ముంచి తీసినట్టు పాలిపోయి ఉంటుంది. వెలుగులోనూ నీడలోనూ వీలైనంత వివరం దాచుకోవడానికి కెమెరా అలా అణిచిపెట్టి రాసుకుంటుంది. దాన్ని మామూలు తెరకి తేవాలంటే, ఇది ఏ కెమెరా లెక్కలో రాసింది, ఏ తెర లెక్కలోకి మారాలి అని రెండూ సాఫ్ట్‌వేర్‌కి చెప్పాలి. దాని అసలు పేరు కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫామ్. వీళ్ళింట్లో దాన్ని మార్పిడి అంటారు. అది కుదిరాకే రంగులు దిద్దడం. చిక్కేమిటంటే, ఒక్కో కెమెరా కంపెనీది ఒక్కో లెక్క.

చిన్నోడు ఆ సన్నివేశాన్ని రెండు కెమెరాలతో తీశాడు. ఒకటి సొంతం. రెండోది వేరే కంపెనీది, అద్దెకి తెచ్చాడు. ప్రతి షూటింగ్‌కీ ఒక కెమెరా చీటీ రాయాలి. అతను ఆరేళ్ళుగా దాని మీద తోచింది గీకుతాడు. ఆమె ఆ చీటీని పక్కన పడేసి, ఒక్కో ఫైలు వివరాలు తెరిచి చూసి, ఏ కెమెరా బొమ్మకి ఆ కెమెరా లెక్క పెట్టుకునేది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఈసారి కూడా ముందు రాత్రి ఆమె ఫైలు తెరిచింది. చూసింది. మూసేసింది.

"చీటీలో రెండు కెమెరాలకీ ఒకటే లాగ్ అని రాశావు," అంది ఆమె, అందరికీ వినపడేలా, నెమ్మదిగా. "రెండూ ఒకటేనా? అలాగే పెట్టెయ్యనా?"

"లాగ్ అంటే లాగే కదా వదినా. ఎన్ని రకాలుంటాయేంటి!"

"సరే. నువ్వు రాసినట్టే పెడతాను."

"అదీ!" అన్నాడు చిన్నోడు. అత్తగారు టీవీ మళ్ళీ మెరిపించుకుంది.

మధ్యాహ్నం దర్శకురాలు వచ్చేసరికి పెద్దకోడలు మామగారిని కూడా కిందికి పిలుచుకొచ్చింది. "చిన్నోడు చేస్తుంటే మీరు చూడకపోతే ఎలా మావయ్యా?" అని స్వయంగా కుర్చీ వేసింది. ఆయన మురిసిపోయి కళ్ళద్దాలు తుడుచుకుని మరీ కూర్చున్నాడు.

సన్నివేశం చిన్నదే. వంటింట్లో తల్లీ కూతురూ పోట్లాడుకుంటారు. తల్లి సొంత కెమెరాలో, కూతురు అద్దె కెమెరాలో. వెనక ఒకటే పసుప్పచ్చ గోడ.

తల్లి షాటు వచ్చింది. మార్పిడి పెట్టి ఉంది కాబట్టి అప్పటికే చక్కగా ఉంది. చిన్నోడు కాస్త వెచ్చదనం చేర్చాడు. దర్శకురాలు తలూపింది. మామగారు కోడలి వైపు చూశాడు, నేర్చుకో అన్నట్టు.

కూతురి షాటు వచ్చింది. గోడ పసుపు పోయి నాచు పట్టినట్టయింది. నలుపు పూర్తిగా దిగక పొగ కమ్మినట్టుంది. అమ్మాయి మొహం మబ్బుగా, జ్వరం వచ్చి లేచినదానిలా ఉంది.

"ఒకే గదే కదా?" అంది దర్శకురాలు.

"ఒక్క నిమిషం మేడం, సెట్ చేసేస్తా."

నలుపు కిందికి లాగాడు. మొహం ఇంకా చీకటయింది. వెలుతురు పెంచాడు. స్టవ్ మంట తెల్లబోయింది. ఎరుపు కలిపాడు. మొహం ఎలాగో మనిషి రంగుకొచ్చింది గానీ, వెనక స్టీలు గిన్నెలు గులాబీ రంగు తిరిగాయి. "ఇదిగో!" అని తర్వాతి షాటుకి అదే అంటించాడు. అందులో అమ్మాయి కిటికీ దగ్గరికి వస్తుంది, వెలుతురు ఎక్కువ. ఆ దిద్దుబాటు అక్కడ పనిచెయ్యలేదు. మొహం కాల్చిన ఇటుకలా మండిపోయింది.

మళ్ళీ మొదటి నుంచి. ఒకటి సర్దితే రెండోది చెడుతోంది. లెక్కే తప్పయినప్పుడు పైపైన ఎంత పూసినా అంతే. ఆ సంగతి ఆ గదిలో తెలిసింది ఆమె ఒక్కదానికే. గోడకి ఆనుకుని నిలబడి, చేతులు కట్టుకుని, మరిది మెడ వెనక చెమట కాలర్‌లోకి దిగడం చూస్తోంది. ముప్పావు గంట చూసింది. కడుపు చల్లగా ఉంది. ఇంకో ముప్పావు గంటయినా చూడగలదు.

"వదినా, మంచినీళ్ళు," అన్నాడు చిన్నోడు వెనక్కి తిరక్కుండా.

తెచ్చి ఇచ్చింది. రెండు చేతులతో, మర్యాదగా.

నీళ్ళు తాగాక అతనికి దారి దొరికినట్టుంది. "మేడం, ఇది మార్పిడిలో తప్పు. వదినా, సరిగ్గా పెట్టావా అసలు? ఆ ఒక్క పని కూడా చూసుకోలేదా?"

మామగారు కళ్ళద్దాలు తీశాడు. "ఏమ్మా?"

ఆమె బల్ల సొరుగులోంచి చీటీ తీసి మామగారి చేతిలో పెట్టింది. "చిన్నోడి రాత మీకు తెలుసు కదా మావయ్యా. రెండు కెమెరాలకీ ఒకటే అని రాశాడు. పొద్దున ఇంట్లో అందరి ముందూ అడిగాను కూడా. అలాగే పెట్టాను. చెయ్యి పెట్టొద్దన్నాడు, పెట్టలేదు."

మామగారు చీటీ చదివాడు. తిప్పి వెనక కూడా చూశాడు, అక్కడేమైనా దిక్కు దొరుకుతుందేమోనని.

"రెండోది ఏ కెమెరా?" అంది దర్శకురాలు. చిన్నోడు చెప్పాడు.

"ఇప్పుడు నువ్వు సరిచెయ్యగలవా?" అన్నాడు మామగారు కోడలితో.

"చిన్నోడు లేస్తే."

లేచాడు. ఆమె కూర్చుని కుర్చీ ఎత్తు తనకి సరిపడా దించుకుంది, తొందరేమీ లేనట్టు. ముందు ముప్పావు గంట పనంతా అతని కళ్ళ ముందే, షాటు తర్వాత షాటు చెరిపింది. ఒక్క దెబ్బకి చెరపొచ్చు. ఒక్కొక్కటిగానే చెరిపింది. తర్వాత రెండో కెమెరా షాట్లన్నీ ఒక గుంపుగా కట్టి, దాని మీదున్న మార్పిడి తెరిచింది. ఇటు వైపు, ఏ కెమెరా అన్న చోట, రంగుల విస్తృతి ఒకటి, వెలుతురు లెక్క ఒకటి, రెండూ మార్చింది. తెర లెక్క ముట్టుకోలేదు, అది సరిగ్గానే ఉంది.

గోడ పసుప్పచ్చ అయింది. గిన్నెలు స్టీలయ్యాయి. అమ్మాయి జ్వరం తగ్గింది. కిటికీ దగ్గరి షాటులో కొంచెం నీలం మిగిలితే అది రంగు దిద్దే పని, రెండు మాటలు మాట్లాడేంత సేపట్లో సర్దేసింది. తల్లీ కూతురూ ఒకే వంటింట్లో నిలబడి హాయిగా పోట్లాడుకున్నారు.

ఎవరూ నవ్వలేదు.

దర్శకురాలు లేచి, "ఒకసారి బయటికి వస్తారా?" అంది పెద్దకోడలితో.

మెట్ల దగ్గర ఆగి సూటిగా అడిగింది. "మీకు ముందే తెలుసు కదా?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. "తెలుసు," అంది పెద్దకోడలు.

"మీ ఇంట్లో మీకేం జరిగిందో నాకనవసరం. కానీ అందులో నా ముప్పావు గంట పోసి తగలబెట్టారు. నా బొమ్మ పెట్టి కక్ష తీర్చుకున్నారు."

పెద్దకోడలి మొహం వేడెక్కింది. ఈ దెబ్బ లెక్కలో వేసుకోలేదు. "అవును," అంది. "మీ సమయం పాడుచేసినందుకు క్షమించండి. మిగతాదానికి క్షమాపణ చెప్పలేను."

దర్శకురాలు సంచీ భుజానికి తగిలించుకుంది. "మీ కన్ను నాకు కావాలి. ఈ గది వద్దు. మా ఆఫీసులో ఒక గది ఉంది, అక్కడికొచ్చి చేస్తారా? ఒక్కరే. కెమెరాకి వేరే మనిషిని పెట్టుకుంటాను. నా బొమ్మ మీద ఇలాంటిది ఇంకోసారి జరిగితే మాత్రం ఆ రోజే ఆఖరు."

"జరగదు."

సాయంత్రమైంది. చిన్నోడు మొహం మాడ్చుకుని ఫోను చూస్తున్నాడు. అత్తగారు సంగతి విని, "ఇంటి పరువు వీధిలో పెట్టింది" అని గోడకి చెబుతోంది. గదిలో బట్టలు మడతపెడుతున్న భార్య దగ్గరికి భర్త వచ్చి కూర్చున్నాడు.

"ఒక్క మాట నాకైనా చెప్పొచ్చు కదే."

"చెప్తే నువ్వు వాడికి చెప్పేవాడివి."

అతను చొక్కా ఒకటి తీసుకుని తనూ మడతపెట్టడం మొదలుపెట్టాడు, వంకరగా. "నిన్ను చూసి నవ్విన రోజు నేనూ ఆ గదిలోనే ఉన్నాను," అన్నాడు.

"తెలుసు. నువ్వు నవ్వలేదు. అలాగని ఏమీ అనలేదు కూడా."

ఆ మాట తర్వాత అతను తల ఎత్తలేదు. ఆమె ఎత్తించే ప్రయత్నం చెయ్యలేదు.

భోజనాల వేళకి అందరూ బల్ల చుట్టూ చేరారు. ఆమె వడ్డించి, తనూ కూర్చుంది. మామగారు రెండు ముద్దలు తిని గొంతు సవరించుకున్నాడు. "అయిందేదో అయింది. సీరియల్ మనకొచ్చిందా లేదా?"

"మనకి రాలేదు మావయ్యా. నాకొచ్చింది," అంది ఆమె. గొంతు పెంచలేదు. "సోమవారం నుంచి వాళ్ళ ఆఫీసులో పని. పొద్దున ఎనిమిదికి వెళ్తాను, ఏడాది పడుతుంది. నేను ఒప్పుకున్నాను."

చిన్నోడు ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. అత్తగారు పెద్దకొడుకు వైపు చూసింది, అతను పళ్ళెంలోకి చూశాడు.

"పప్పు ఇటు జరపండి," అంది పెద్దకోడలు.