మూడు ఉన్నిదారం అట్టలు

ముప్ఫయ్యొక్కేళ్ళుగా కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని పిల్లలంటారు. నిజమే, కాదనను. బోర్డు మీద గీస్తున్నప్పుడు ఎవరైనా అడ్డం వస్తే ఇప్పటికీ చిర్రెత్తుకొస్తుంది.

అలాంటి నాకు కిందటేడు మొదటిరోజే ఒకమ్మాయి అడ్డం వచ్చింది. "సర్, గీసేది గీస్తూనే పైకి కూడా చెప్పరా? నాకు కనబడదు" అంది. పుట్టినప్పట్నుంచీ చూపు లేదట. రోజూ మొదటి బెంచీలోనే కూర్చునేది కాబట్టి ఆమెకి నేను పెట్టుకున్న పేరు మొదటిబెంచీ. లోపల సణుక్కుంటూనే చెప్పడం మొదలుపెట్టాను. "ఎడమ నుంచి వస్తోంది, ఎక్కుతోంది, ఇదిగో ఇక్కడ గుట్ట, ఇక్కణ్ణుంచి దిగుడు..." ఏడాది తిరిగేసరికి క్లాసులో ఎవరూ లేకపోయినా అలా గొణుక్కుంటూ గీయడం అలవాటైపోయింది.

ఏడాది చివర్లో గ్రాఫుల పేపరు వచ్చింది. మా హెడ్డు మంచివాడే కానీ, మంచి చేయబోయి మనిషిని ముంచే రకం. ఆ అమ్మాయికి ఆ పేపరు నుంచి మినహాయింపు రాశాడు. వినడానికి దయగానే ఉంటుంది. కానీ ఆ పేపరు రాయనివాళ్ళకి పై ఏడాది లెక్కల కోర్సులో సీటు ఇవ్వరు. మొదటిబెంచీ ఆ కాగితం వద్దంది. "నన్ను పరీక్షించి చూడండి, రాకపోతే అప్పుడే సంతకం పెట్టించుకోండి" అంది.

"సరే" అన్నాడు హెడ్డు. "శుక్రవారం నా గదిలో. ఫంక్షన్, దాని ఫస్ట్ డెరివేటివ్, సెకండ్ డెరివేటివ్. తడిమి చదివేలా అట్టల మీద మూడు గ్రాఫులు కలిపి పెడతాం. ఏది ఏదో చెప్పాలి, చదివి వివరించాలి. అట్టల మీద అక్షరం గానీ బాణం గుర్తు గానీ ఉండకూడదు. మాస్టారూ, మీరు ఒక్క మాట అందించకూడదు."

ఇక్కడ నా సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ మినహాయింపు చూసి నాకూ ప్రాణం కాస్త తేలికపడింది. పాఠం పాఠానికీ అట్టలు చేసుకుంటూ కూర్చోవాలంటే నాకు బద్ధకం. అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆదివారం భోజనాల బల్ల మీద అట్టలు చేశాను. అడ్డగీతకీ నిలువుగీతకీ సన్న దారం, గ్రాఫుకి లావుపాటి ఉన్నిదారం. ఉన్ని మా ఆవిడది. "పోయిన చలికాలం మీకు అల్లడం మొదలెట్టిన స్వెట్టర్ చెయ్యి అది. ఒంటిచేతి స్వెట్టర్ వేసుకుని తిరగండి" అని దెప్పుతూనే పక్కన కూర్చుని జిగురు రాసింది.

శుక్రవారం బల్లకి ఒక పక్క హెడ్డూ నేనూ కూర్చున్నాం, ఎదురుగా మొదటిబెంచీ. మూడు అట్టలూ వరస మార్చి, ఒక్కటి కూడా వంకర లేకుండా సర్ది పెట్టాను.

ఆ అమ్మాయి ముందు అరచేతులతో మూడింటినీ మెల్లగా తడిమింది. తర్వాత రెండు చూపుడువేళ్ళూ రెండు అట్టల మీద పెట్టి, ఒకే వేగంతో ఎడమ నుంచి కుడికి జరిపింది. ఒక వేలు గుట్ట మీదికి చేరిన క్షణంలో రెండో వేలు అడ్డగీత మీద ఆగింది. నేను ఇన్నేళ్ళుగా స్కేలు పెట్టి కిందికి చుక్కలగీతలు గీసి మరీ చూపించేదాన్ని ఈ పిల్ల రెండు వేళ్ళతో చేసేస్తోంది. చూస్తూ ఉండిపోయాను.

అట్టల్ని తిప్పకుండా పక్కలకి జరిపి వరస మార్చింది.

"ఇది ఫంక్షన్ సర్. ఎక్కుతూ ఎక్కుతూ ఇక్కడ ఓ క్షణం చదునైంది, మళ్ళీ ఎక్కింది. ఇక్కడ గుట్ట, ఇక్కడ పల్లం. గుట్ట, పల్లం ఉన్నచోట రెండో అట్ట దారం అడ్డగీతని దాటుతోంది. చదునైన చోట మాత్రం గీతని తాకి, దాటకుండా వెనక్కి మళ్ళింది. అంటే ఇది ఫస్ట్ డెరివేటివ్, ఫంక్షన్ వాలు చెప్పేది. ఇది మలుపు తిరిగిన మూడు చోట్లా మూడో అట్ట దారం గీతని దాటుతోంది. అది సెకండ్, వంపు చెప్పేది."

హెడ్డు కనుబొమలు పైకి లేచాయి. నేను లోపల్లోపల ఎగిరి గంతేశాను.

"కానీ ఇవి కలవవు సర్" అంది.

నేను కుర్చీలో ముందుకి వంగాను.

"ఫంక్షన్ ఎక్కుతున్నంతసేపూ ఫస్ట్ డెరివేటివ్ గీతకి పైన ఉండాలి. ఇది కింద ఉంది. దిగుతున్నప్పుడేమో పైకొచ్చింది. అంతా తిరగబడి ఉంది."

హెడ్డు పెన్ను మూత తీశాడు. నేను అట్టల వంక చూశాను. నాకు అన్నీ సరిగానే ఉన్నాయి! ఎక్కేచోట పైన, దిగేచోట కింద. నోరు విప్పకూడదన్న షరతు గుర్తొచ్చి పళ్ళు బిగబట్టాను.

"ఒక్క నిమిషం సర్" అంటూ మళ్ళీ వేళ్ళు పెట్టింది. "విచిత్రం ఏంటంటే, మొదటిదానికీ మూడోదానికీ గొడవ లేదు. గుట్ట దగ్గర మూడోది కిందే ఉంది, పల్లం దగ్గర పైనే ఉంది. మధ్యదానికే అటూ ఇటూ ఇద్దరితోనూ తగువు."

"అయితే మధ్యది మాస్టారు తప్పు గీశారన్నమాట" అన్నాడు హెడ్డు, నా వైపు తిరిగి.

"అయ్యుండచ్చు. లేదంటే మూడూ తిరగేసి ఉండచ్చు. అట్టని సగం చుట్టు తిప్పితే ఎక్కుడు ఎక్కుడుగానే ఉంటుంది, కానీ గీతకి పైనున్నది కిందికి పోతుంది. మధ్యది ఒక్కటే తిరిగి ఉంటే గుట్ట, పల్లం చోట్లు కూడా కలిసేవి కావు. చోట్లు చక్కగా కలిశాయి. అంటే రెండే దారులు. సర్ తప్పైనా గీసుండాలి, మూడూ తన వైపు తిప్పుకునైనా పెట్టుండాలి."

"ఏదంటావ్ మరి?"

మొదటిబెంచీ నవ్వింది. "ఏడాదిగా సర్ గీస్తూ చెబుతుంటే వింటున్నాను. ఒక్కసారి కూడా పైదాన్ని కింద అనలేదు. సర్ తప్పు గీయరు. ఎదురుగా కూర్చుని, తనకి సరిగ్గా కనబడేలా పెట్టుకుని ఉంటారు."

నా తల కొట్టేసినట్టయింది. అట్టలు సర్దేటప్పుడు ఎంతో జాగ్రత్త పడ్డాను, నిజమే. నా కళ్ళకి సరిపడేలా జాగ్రత్త పడ్డాను. బల్లకి అవతలి పక్క ఒక మనిషి ఉందని, చదవాల్సింది ఆమేనని తట్టనే లేదు.

ఆమె మూడింటినీ ఒక్కొక్కటిగా సగం చుట్టు తిప్పి, మళ్ళీ వేళ్ళు నడిపింది. "ఆఁ, ఇప్పుడు ఎక్కితే పైన, దిగితే కింద. గుట్ట ముందు, పల్లం తర్వాత, చదును ఆఖర్న. మూడోది మూడుసార్లు గుర్తు మార్చింది కాబట్టి ఫంక్షన్ వంపు కూడా మూడుచోట్ల మారుతుంది. అందులో ఒకటి సరిగ్గా ఆ చదును దగ్గరే."

నా కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. ఇన్నేళ్ళలో ఈ లెక్క సరిగా చేసినవాళ్ళు వందల్లో ఉన్నారు. ప్రశ్నపత్రమే తిరగబడి ఉందని లెక్కతోనే పట్టుకున్నది మాత్రం ఈ ఒక్కతే.

హెడ్డు మినహాయింపు కాగితాన్ని అడ్డంగా చించేశాడు. సొరుగులోంచి లెక్కల కోర్సు దరఖాస్తు తీసి, తన సంతకం పెట్టి, నా చేతికిచ్చాడు. "ఆ అమ్మాయి సంతకం కూడా కావాలి మాస్టారూ, తీసుకోండి."

కాగితాన్ని నా ముందు తిన్నగా సర్దబోయి ఆగాను. బల్ల చుట్టూ తిరిగి అవతలి పక్కకి వెళ్ళాను. ఆమె పక్కన నిలబడి, కాగితం ఆమె వైపు తిప్పి పెట్టాను.