మూత మీద తేదీ

గురువారం మధ్యాహ్నానికే ఇబ్తిహాల్ కాళ్లు వాచిపోయాయి. ఇర్బిద్ ఊళ్లో పెళ్లిళ్లన్నీ ఆ రోజే ముంచుకొస్తాయి. ఆమె పార్లర్‌లో ఒక పెళ్లికూతురు జుట్టు ఆరబెట్టుకుంటోంది, ఇంకొకామె దారిలో ఉంది. సరిగ్గా అప్పుడే పాత కస్టమర్ ఉమ్ ఖుసై ఫోన్ చేసింది.

ఆమె పెద్దకూతురు దీమాకు నిన్న ఇక్కడే ముఖానికి మసాజ్ చేశారు. తెల్లారేసరికి బుగ్గలు ఎర్రగా దద్దుర్లెక్కాయట. ఉమ్ ఖుసై అరవలేదు. అరిచినా బాగుండేది. మసాజ్ చేసిన ఆ అమ్మాయి సాయంత్రానికల్లా అక్కడ కనబడకూడదనీ, కనబడితే తన ముగ్గురు కూతుళ్ల పెళ్లి అలంకరణా వేరే పార్లర్‌కు పోతుందనీ మెల్లగా చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఆ అమ్మాయి రవంద్. రెండేళ్లుగా ఇక్కడే పనిచేస్తోంది. ఇంట్లో తల్లీ, చదువుకునే తమ్ముడూ ఆమె జీతం మీదే ఉన్నారు. ఇబ్తిహాల్‌కు అదంతా తెలుసు. అయినా వాదించే ఓపిక లేదు. రవంద్‌ను వెనక గదిలోకి పిలిచి, లెక్క చూసి పంపించేద్దామనే అనుకుంది.

"ఏ క్రీమ్ డబ్బా వాడావు?"

"మూత మీద ఏప్రిల్ అని ఉన్నదే, పిన్నీ. తెరిచి రెండు నెలలే కదా."

రవంద్ ఆ డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. మూత మీద మార్కర్‌తో ఏప్రిల్ అని రాసి ఉంది, ఇబ్తిహాల్ చేతిరాతే. డబ్బా ఒంటి మీద ఒక చిన్న బొమ్మ, మూత తెరిచిన డబ్బాది, అందులో 12M. అంటే తెరిచాక పన్నెండు నెలలు. అంతా సరిగ్గానే ఉంది. మూత తీసి వాసన చూసింది. కాస్త పాత నూనె వాసన. అలవాటైన ముక్కు, అలసిన ముక్కు, దాన్ని నమ్మడానికి లేదు.

"డబ్బా అడుగున ఉన్న కోడ్ కూడా ఫోన్‌లో వెతికాను పిన్నీ. తయారై రెండేళ్లేనట. మూడేళ్లు బాగుంటుందని రాశారు."

"అది సీలు తీయనప్పటి మాట, తల్లీ. ఎప్పుడు తయారైందో కోడ్ చెప్తుంది. మనం ఎప్పుడు వేలు పెట్టామో దానికెలా తెలుస్తుంది?"

అన్నాక ఆమే ఆగింది. రెండేళ్లా? ఏప్రిల్‌లో తెరిచింది మొన్న మార్చిలో వచ్చిన సరుకు. అందులో మిగిలిన నాలుగు డబ్బాలు బీరువాలో సీలుతోనే ఉన్నాయి. ఒక్కొక్కటీ తిరగేసి అడుగున చూసింది. నాలుగింటికీ ఒకే కోడ్. చేతిలో ఉన్నదానికి వేరే కోడ్.

కింది అరలో కాళ్ల క్రీమ్ ఉంటుంది. గడువు దాటిన ముఖం క్రీమ్‌ను పారేయడానికి మనసు రాక ఇబ్తిహాల్ పాదాల మసాజ్‌కు దింపేస్తుంది. అదే రకం డబ్బా, అదే రంగు. మూత మీద మాత్రం పోయినేడాది ఫిబ్రవరి. దాన్ని తిరగేసింది. అడుగున బీరువాలోని డబ్బాల కోడే.

మంగళవారం సాయంత్రం మూతలన్నీ ఒకే బేసిన్‌లో కడిగి ఆరబెట్టారు. అది ఆమె పెట్టిన నియమమే. తేదీ మూత మీద రాయాలన్నదీ ఆమె నియమమే. ఆరాక కొత్త మూత పాతదాని మీదకీ, పాత మూత కొత్తదాని మీదకీ చేరాయి. కస్టమర్ల పాదాలకు రెండు రోజులుగా మంచి క్రీమ్ రాస్తున్నారు. దీమా బుగ్గలకు రాసింది పదహారు నెలల కింద తెరిచిన క్రీమ్, ఎన్నో పాదాలు ముట్టిన వేళ్లు మునిగిన క్రీమ్.

రవంద్ ముఖం పాలిపోయింది. "మూతలు పెట్టింది నేనే," అంది.

"తెలుసు. రెండూ ఒకేలా ఉంటే ఎవరు పెట్టినా అంతే." ఇబ్తిహాల్ స్టూల్ మీద కూలబడింది. ఆ మాటను అక్కడే వదిలేస్తే సాయంత్రానికి అన్నీ సర్దుకుంటాయి. ఈ అమ్మాయి పోతుంది, మూడు పెళ్లిళ్లూ ఉంటాయి. మూతల సంగతి ఎవరికీ తెలియదు.

ఫోన్ తీసి ఉమ్ ఖుసైకి జరిగింది జరిగినట్టు చెప్పింది. డబ్బా పంపిస్తాననీ, చర్మం డాక్టర్‌కు దాన్నీ చూపించమనీ, ఆ ఖర్చు తనదేననీ చెప్పింది. పొరపాటు అమ్మాయిది కాదంది.



"అయితే మరి ఎవర్ని పంపించాలి? నిన్నా?" అంది ఉమ్ ఖుసై.

"నన్ను పంపితే పార్లర్ తాళం నువ్వు తీసుకోవాలి, ఉమ్ ఖుసై."

ఆమె నవ్వలేదు. దీమా పెళ్లికి వేరేచోట మాట్లాడుకుంటామని చెప్పి పెట్టేసింది. మిగతా ఇద్దరి మాట ఎత్తలేదు. ఇబ్తిహాల్ అడగనూ లేదు.

తెరిచిన రెండు డబ్బాల్లో పాతదాన్ని డాక్టర్ కోసం సంచిలో కట్టింది. రెండోదాన్ని చెత్తలో వేసింది. పాదాల మీద తిరిగిన వేళ్లు అందులోనూ మునిగాయి కదా. కింది అరలో కాళ్ల క్రీమ్ అని దాచుకున్న ఇంకో మూడు డబ్బాలూ చెత్తలోకే పోయాయి.

ముందు గదిలోంచి పెళ్లికూతురు తల్లి ఇంకెంతసేపని కేకేసింది.

"నేను వెళ్లనా, ఉండనా, పిన్నీ?" అని రవంద్ గుమ్మం దగ్గర అడిగింది.

"కొత్త డబ్బా సీలు తీయి. తేదీ డబ్బా ఒంటి మీద రాయి. చేతులు కడుక్కో, క్రీమ్ తీసే చిన్న గరిటె తీసుకో, వేలు పెట్టకు. పెళ్లికూతురిది పొడి చర్మం, కొంచెం ఎక్కువే పడుతుంది."

రవంద్ కదలకుండా చూస్తుంటే ఇబ్తిహాల్ చెప్పుల్లోంచి వాచిన పాదాలు బయటికి తీసి, గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

"వెళ్లు తల్లీ. నేనిప్పుడే వస్తాను."