ఒంటిగంటకు ఎవరొస్తారు

దుప్పటి తడిసి ఉంది. బడి నుంచి వచ్చిన స్వరూప చెప్పులు విడిచి నేరుగా అత్తగారి మంచం దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టి చూసింది. తడి ఇప్పటిది కాదు. అంచులు ఎండి చార కట్టింది. స్టూలు మీద మధ్యాహ్నం మాత్ర పెట్టింది పెట్టినట్టే ఉంది. ఫ్లాస్కులో జావ పోసింది పోసినట్టే ఉంది.

హాల్లో మరిది మహేశ్వర్ సోఫాలో కాళ్లు చాపుకుని ఫోను చూస్తున్నాడు. కోదాడ నుంచి పొద్దున్నే వచ్చినట్టున్నాడు. తల్లి పడుకున్న గది పక్కనే ఉన్నా, ఆ వాసన అతని ముక్కుదాకా రాలేదు కాబోలు.

"వచ్చినవా వదినా? జర చాయ్ పెట్టు. మాట్లాడేదుంది."

అతని ముందు టీపాయ్ మీద ఎర్రదారం కట్టిన తాళం చెవి ఉంది. ఆ దారం కట్టింది స్వరూపే. ఆ చెవి ఉండాల్సింది ఎదురింటి తులసీరాం దగ్గర.

స్వరూప చాయ్ పెట్టలేదు. బకెట్లో నీళ్లు పట్టుకుని లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది. అత్త పద్మమ్మను పక్కకు తిప్పి, నడుము తుడిచి, పౌడర్ చల్లి, పాత దుప్పటి లాగి కొత్తది పరిచింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. లోపల మాత్రం నిప్పు రాజుకుంది.

భర్త పోయి ఆరేళ్లు. అత్తకు పక్షవాతం వచ్చి రెండేళ్లు. దవాఖాన నుంచి తెచ్చిన రోజే మహేశ్వర్ తేల్చేశాడు. "అన్న ఉంటే అమ్మను నీ దగ్గర్నే ఉంచేటోడు గద వదినా." కోదాడలో అతనిది రెండంతస్తుల ఇల్లు. అయినా తల్లికి మెట్లు పడవన్నాడు, కింది భాగం కిరాయికిచ్చాడు. మునగాల బడిలో పాఠాలు చెప్పే స్వరూప ఒక గంట ముందు ఇంటికి వెళ్తానని అడిగితే హెడ్మాస్టర్ నవ్వి, ఆడవాళ్లకు ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒక పని ఉండనే ఉంటుందని అన్నాడు. ఉంటుంది మరి. ఆ పని ఎవరిదని ఒక్కరూ అడగరు.

తులసీరాం పరిచయమైంది గ్యాస్ సిలిండర్ వల్ల. ఆమె పాఠం చెబుతుండగా, తలుపుకు తాళముంది మేడం, వెనక్కి తీసుకుపోతున్నా అని గ్యాస్ అబ్బాయి ఫోను చేశాడు. ఆ ఫోనులోనే ఎదురింటాయనను పిలిపించి బతిమాలితే, ఆయన ఆమె ఇచ్చిన కోడ్ నంబరు చెప్పి దింపించుకున్నాడు. సాయంత్రం మోసుకొచ్చి బిగించి, సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూసి మరీ వెళ్లాడు. మర్నాడు ఆమె గిన్నెడు మామిడికాయ పప్పు పంపింది. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదనే పట్టింపు ఆయనకూ ఉన్నట్టుంది, నేరేడుచర్ల నుంచి తెచ్చిన మునక్కాయలు పెట్టి పంపాడు. గిన్నె అడుగున మసి కూడా తోమి ఉంది. మగవాడు తోమిన గిన్నెను తను అంతసేపు చూస్తూ నిలబడ్డందుకు స్వరూపకు తన మీద తనకే కోపమొచ్చింది. ఇంత చిన్న పనికే మనసు కరిగిపోయిందంటే, ఇన్నాళ్లూ దాన్ని ఎంత ఎండబెట్టారో.

తర్వాత నీళ్ల మోటరు, పెరుగు తోడు, కూరగాయలు. ఆ తర్వాత తాళం చెవి. తులసీరాం కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు, భార్య చనిపోయి ఒంటరిగా ఉంటున్నాడు. రాత్రి డ్యూటీ చేసి పగలు ఇంట్లో ఉంటాడు. ఒంటిగంటకు అత్తమ్మకు జావ తాగించగలరా అని అడిగితే, ఎట్లా తాగించాలో నేర్పమన్నాడు. తల కింద దిండ్లు పెట్టి కూర్చోబెట్టాలి, గడ్డం కిందికి వంచి చెంచా పెట్టాలి, మింగిందని చూశాకే ఇంకో చెంచా. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కన్నకొడుకు రెండేళ్లలో నేర్చుకోనిది ఆయన రెండు రోజుల్లో నేర్చుకున్నాడు. రాత్రి డ్యూటీలు ఎవరూ అడగరనీ, ఈయనే అందరి వంతూ తన మీదికి మార్పించుకుంటున్నాడనీ ఆయన తోటి ఉద్యోగి మల్సూర్ బస్టాండులో చెప్పినప్పుడు ఆమె బస్సు ఒకటి వెళ్లిపోయింది. ఎక్కడం మరిచిపోయింది.

ఒక ఆదివారం ఆయన ఇంట్లో చాయ్ పెట్టి, చక్కెర ఎంత వేయమంటారని అడిగాడు. స్వరూప ఎప్పుడూ ఎదుటివాళ్ల రుచికే తాగింది. పుట్టింట్లో నాన్నకు సరిపోయినంత, అత్తింట్లో భర్తకు సరిపోయినంత. తనకు ఎంత కావాలో నలభై మూడేళ్లు వచ్చినా తెలియదు. పోయిన వారం ఆయనే అన్నాడు. "పెండ్లి చేసుకుందాం మేడం." మేడం అన్నందుకు ఇద్దరూ నవ్వుకున్నారు. ఆలోచించుకుని చెబుతానంది.

పద్మమ్మ వంకర పెదవులతో కష్టంగా మాట కూడదీసుకుంది. "తులసి... రాలే... ఇయ్యాల."

స్వరూప తడి దుప్పటి చేత్తో పట్టుకునే హాల్లోకి వచ్చింది.

మహేశ్వర్ మొదలుపెట్టాడు. అపార్ట్‌మెంట్లో అందరూ అనుకుంటున్నారట. ఆ తులసీరాం వాళ్లెవరు, మనమెవరు అన్నాడు. అన్న పేరు పాడు చేయొద్దన్నాడు. "ఆయనతోని మర్యాదగనే మాట్లాడిన. ఆయన గూడ ఒప్పుకున్నడు. తాళం చెవి నా చేతికే ఇచ్చిండు. ఇగ ఖతం."

అంటే ఆమె ఇంటి తాళం చెవిని ఇద్దరు మగవాళ్లు చేతులు మార్చేశారు. ఒకరు పరువు కోసం అడిగారు, ఒకరు పరువు కోసం ఇచ్చారు. మధ్యలో ఆమెను అడిగినవాళ్లు లేరు, అన్నం పెట్టకుండా ముసలమ్మను పడేసిన సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

ఆమె దుప్పటిని అతని ఒళ్లో వేసింది. మహేశ్వర్ ఉలిక్కిపడి లేచాడు.

"చెవి నువ్వే ఉంచుకో మహేశ్. దాంతో పాటు పని గూడ ఉంటది. రోజూ ఒంటిగంటకు జావ, మాత్ర. తర్వాత పక్కకు తిప్పాలె, లేకుంటే పుండ్లు పడ్తయి. దుప్పటి మార్చాలె. కోదాడ నుంచి పొద్దున్నే బయల్దేరితే అందుతవ్. రేపటి నుంచి వస్తవా?"

అతను తలుపు వైపు చూశాడు. "నాకు దుకాణం ఉంటది గద వదినా."

"నాకు బడుంటది."

"మనిషిని పెట్టుకోరాదు?"

"పెట్టుకున్న. నువ్వు ఎల్లగొట్టినవ్."

 మహేశ్వర్ జేబులోంచి రుమాలు తీసి చేతులు తుడుచుకుని, తాళం చెవిని వేలితో టీపాయ్ మీద ఆమె వైపు జరిపాడు. చూసుకుని చేసుకొమ్మని, అమ్మకు ఇబ్బంది కావద్దని గొణిగాడు. ఇంత వరకే అతని పరువు. ఒంటిగంట దగ్గర ఆగిపోయింది.

స్వరూప చెవి తీసుకుని ఎదురింటి తలుపు కొట్టింది. వెనక తన తలుపు బార్లా తెరిచే ఉంచింది. మరిది చూస్తే చూడనీ.

తులసీరాం ముఖం పీక్కుపోయి ఉంది. "మీ పేరు చెడిపోవద్దని..." అన్నాడు.

"నా చెవి మీకిచ్చింది నేను. ఇయ్యాల్సొస్తే నాకియ్యాలె. అత్తమ్మ పొద్దుమూకేదాకా తడిల పండుకుంది."

ఆయన తలుపుకు చెయ్యి ఆనించుకున్నాడు. మహేశ్వర్ లోపల ఉన్నాడు కదా, చూసుకుంటాడనుకున్నానన్నాడు. తర్వాత సాకులు ఆపేసి అన్నాడు. "తప్పు చేసిన. మిమ్మల్ని అడగాల్సింది."

సాకు మధ్యలో ఆపి తప్పు ఒప్పుకున్న మగవాణ్ని ఆమె చూడటం ఇదే మొదలు. కోపం పోలేదు. ప్రేమ కూడా పోలేదు. రెండూ పక్కపక్కనే నిలబడ్డాయి, అదీ ఆమెకు కొత్తే.

"పెండ్లి సంగతి చెప్తనన్న. నాకిష్టమే. కానీ ఇన్ని దినాలు నా చెవి మీ దగ్గరుంది, మీది నా దగ్గర లేదు. ముందు అదియ్యండి."

ఆయన గోడ మేకుకున్న చెవి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఎర్రదారం ఊడదీసి రెండు చెవులూ కలిపి ముడి వేసుకుంది. దేన్నీ తిరిగి ఇవ్వలేదు. రేపు ఒంటిగంట లోపు ఇస్తుంది, తనకు ఇవ్వాలనిపించినప్పుడు.

"అత్తమ్మకు జావ వేడి చేసి నేను తాగిస్త. మీరు చాయ్ పెట్టండి," అని తన తలుపు వైపు నడిచి, వెనక్కి తిరిగింది. "నాకు చక్కెర చెంచాన్నర."