గోరువెచ్చని బకెట్

గుడ్డు ఉడకబెట్టడం ఎవరికైనా వచ్చు అనేవాళ్లను తీసుకొచ్చి చోడవరం బస్టాండు పక్కన అచ్చియ్యమ్మ బండి దగ్గర ఒక్క సాయంత్రం నిలబెట్టాలి. అప్పుడు తెలుస్తుంది ఎవరికి వచ్చో, ఎవరికి రాదో.

ఆ బండి మీద గుడ్డు మూడు రకాలు. గట్టి గుడ్డు, లారీ డ్రైవర్లకు. గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలే లారీలు వరసలో ఆగినప్పుడు వాళ్లు దిగి వస్తారు. పచ్చసొన పొడిపొడిగా రాలాలి, పొట్లం కట్టుకుపోయినా కారకూడదు. పాకం గుడ్డు, కాలేజీ పిల్లలకు. బెల్లం పాకం చిక్కబడ్డట్టు సొన కారకుండా నిలబడాలి, అలాగని గట్టిపడకూడదు. జారుడు గుడ్డు ఒక్క కృష్ణంరాజు గారికే. ఆయనకు నోట్లో పళ్లు లేవు. తెల్లది మెత్తగా కుదురుకుని, సొన మాత్రం చెంచాతో తాగేటట్టు ఉండాలి.

ముప్పై ఏళ్లుగా ఈ మూడూ ఒకే గిన్నెలోంచి తీస్తోంది అచ్చియ్యమ్మ. ఆమెకు గడియారం లేదు. మరుగుతున్న నీళ్లలో గుడ్లు దించగానే ఉల్లిపాయలు కోయడం మొదలుపెడుతుంది. మూడు ఉల్లిపాయలు సన్నగా తరగడం అయ్యేసరికి జారుడు గుడ్డు. ఆ పైన పచ్చిమిర్చి, కొత్తిమీర అయ్యేసరికి పాకం గుడ్డు. తర్వాత పళ్లేలన్నీ తుడిచి, నిమ్మకాయలు కోసి పెట్టుకునేసరికి గట్టి గుడ్డు. తీసినవి తీసినట్టు చల్లనీళ్ల గిన్నెలో పడాలి, లేకపోతే పెంకులోని వేడికే లోపల ఇంకా ఉడుకుతూ పోతాయి. దీన్ని పనితనం అని ఏ కాగితంలోనూ రాయరు. ఆడమనిషి రోడ్డు పక్కన చేస్తే అది ఊరికే గుడ్లు అమ్ముకోవడం.

ఆ చలికాలంలో అచ్చియ్యమ్మ కుడికంటికి శుక్లం తీశారు. కొన్నాళ్లు పొయ్యి సెగ, పొగ దగ్గరికి పోవద్దన్నాడు డాక్టరు. కొడుకు సత్తిబాబు ఇదే సందని బండి తీసేద్దామన్నాడు. విశాఖపట్నంలో కంపెనీ పని చూసుకున్నాడు, ముగ్గురూ అక్కడికి పోయి ఒక గది తీసుకుందామంటాడు. చీడికాడ నుంచి గణపతిరావు అనే మనిషి బండీ, ఆ చోటూ కలిపి కొంటానని అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్లాడు.

కోడలు అశ్విని మాత్రం బండి తాను నడుపుతానంది. పెళ్లికి ముందు రెండేళ్లు ఆమె విశాఖపట్నంలో ఒక గదిలో ఉండి కంపెనీలో పని చేసింది. కిటికీ తీస్తే పక్కింటి గోడ. మళ్లీ ఆ గోడ మొహం చూడనంది. వారం రోజులు చూద్దామన్నాడు సత్తిబాబు. ఆదివారం గణపతిరావు వస్తాడు, ఆలోపు గుడ్లు బాగా అమ్ముడైతే బండి ఉంటుంది, లేకపోతే అతను తోలుకుపోతాడు.

అశ్విని తెలివైన పిల్ల. అత్త ఆపరేషన్‌కు ముందే నాలుగు రోజులు పక్కన నిలబడి, ఫోనులో టైము పెట్టి, ఉల్లిపాయల లెక్కనంతా నిమిషాల్లోకి మార్చుకుంది. జారుడు అయిదు, పాకం ఏడు, గట్టి పదకొండు. నోటుపుస్తకంలో రాసుకుంది. అత్త పక్కకు తిరిగి నవ్వుకుంది.

సోమవారం సాయంత్రం నీళ్లు మరిగి తెర్లుతుండగా ముప్పై గుడ్లు దించింది. దించగానే నాలుగు టప్ మని పగిలి తెల్లది తీగలుగా బయటికొచ్చింది. నీళ్లు తెర్లడం ఆగిపోయింది. సర్లే అనుకుని ఫోను చూసుకుంటూ నిలబడింది. అయిదో నిమిషం గుడ్డు ఒలిచి గ్లాసులో వేసి కృష్ణంరాజు గారికి ఇచ్చింది. ఆయన చెంచా పెట్టి, ఎత్తి చూసి, మళ్లీ కిందపెట్టారు. సొన సంగతి తర్వాత, తెల్లదే ఇంకా చీమిడిలా జారుతోంది.

ఆయన కోప్పడలేదు. మీ అత్త ఎప్పుడొస్తుందమ్మా అని మాత్రం అడిగారు. అశ్వినికి అది తిట్టు కన్నా ఎక్కువ తగిలింది.

పదకొండో నిమిషం గుడ్డును రాము అనే డ్రైవరు దారంతో కోస్తే నడుమ తడిగా, ముద్దగా ఉంది. అతను దాన్ని దీపం కింద తిప్పి చూసి, "వదినా, ఇది పిల్లయ్యేదాకా ఆగమంటావేటి?" అన్నాడు. పక్కనున్నవాళ్లంతా నవ్వారు. అశ్విని కూడా నవ్వింది, నవ్వకపోతే ఏడవాల్సి వచ్చేది.

మంగళవారం గుడ్లు పగలకూడదని చన్నీళ్లలోనే వేసి పొయ్యి వెలిగించింది. వెలిగించినప్పటి నుంచీ నిమిషాలు లెక్కపెట్టింది. అది ఇంకా పెద్ద గొడవ. గిన్నె నిండుగా ఉంటే నీళ్లు కాగడానికి ఒక టైము, సగముంటే ఒక టైము. గాలికి మంట వాలితే మరో టైము. మొదటి వాయి పచ్చిగా ఉంది. రెండో వాయికి భయపడి వదిలేస్తే సొన చుట్టూ బూడిదపచ్చ గీత పడి, కాలేజీ పిల్లలు వాసన చూసి పక్కన పెట్టేశారు. బుధవారం కృష్ణంరాజు గారు రాలేదు. రాము లారీ దిగి ఎదురుగా ఉన్న బజ్జీల బండి వైపు పోయాడు. మిగిలిన గుడ్లన్నీ ఇంట్లో సత్తిబాబే కూర్చుని తిన్నాడు, పెళ్లాం బాధపడకూడదని. నాలుగో గుడ్డు మింగలేక నీళ్లు తాగాడు గానీ, బాగులేదన్న మాట నోటి వెంట రానివ్వలేదు.

గురువారం పొద్దున అశ్విని పుస్తకం పట్టుకుని అత్త మంచం దగ్గరికి పోయింది. అచ్చియ్యమ్మ నల్లద్దాలు పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. నిమిషాలన్నీ చదివి వినిపించింది కోడలు. అన్నీ సరిగ్గానే ఉన్నాయంది అత్త. మరి గుడ్లే తేడా అయి ఉంటాయని, కోళ్లఫారం వాడు మోసం చేస్తున్నాడేమోనని అశ్విని అనుమానపడింది. ఒక గుడ్డు పట్రమ్మంది అత్త.

అశ్విని వంటింట్లోకి పోయి గుడ్డు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. అచ్చియ్యమ్మ దాన్ని అరచేతిలో తిప్పి, చెంపకు ఆనించుకుంది.

"ఒసే గుంటా, ఇదేటే ఇంత సల్లగున్నాది?"

ఫ్రిజ్జులో ఉంది కదా అంది అశ్విని. సత్తిబాబు కిందటి నెలే ఎవరో అమ్మేస్తుంటే పాత ఫ్రిజ్జు ఒకటి తెచ్చాడు. అత్త మంచం కింద పెట్టే గుడ్ల ట్రేలను, ఎలకలు పడతాయని, ఆపరేషన్ అయ్యాక అశ్విని అందులో సర్దింది. బుద్ధిగా చేశానని అనుకుంది కూడా.

"మరి నా బకెట్టేదే?" అంది అచ్చియ్యమ్మ.

అశ్వినికి అప్పుడు గుర్తొచ్చింది. బండి మీద పొయ్యి కింద ఎప్పుడూ ఒక బకెట్టు ఉండేది. అందులో గోరువెచ్చని నీళ్లు. గిన్నెలో నీళ్లు కాగేలోపు అత్త గుడ్లన్నీ అందులో వేసి, చేత్తో ఒక్కొక్కటీ రుద్ది తీసేది. అది కడగడం అనుకుంది అశ్విని. కొత్త గుడ్లు శుభ్రంగానే ఉన్నాయి, మళ్లీ కడగడం ఎందుకని బకెట్టు ఇంట్లోనే వదిలేసింది. నోటుపుస్తకంలో నిమిషాలన్నీ ఎక్కాయి, బకెట్టు ఎక్కలేదు.

"నేనూ కడగడమే అనుకున్నానే శానా ఏళ్లు," అంది అచ్చియ్యమ్మ. "మా అత్త సెప్పింది, సేసేను. ఒకేడు సలికాలం మానేసి సూసేను. అన్నీ నీలాగే అయిపోనాయి. బయట సలిలోంచి వొచ్చినోడికి పీట మీద కూకోగానే ఒంట్లోంచి సలి పోద్దేటి? ముందు సలి పోవాల, ఆ తరవాతే ఏడెక్కడం."

అశ్విని లేచింది. పొయ్యి వెలిగించి, నీళ్లు తెర్లించి, మూడు గుడ్లు తీసింది. ఫ్రిజ్జులోంచి అప్పుడే తీసిన గుడ్డుకు అయిదు నిమిషాలు. అది కోస్తే తెల్లది కుదరలేదు, సోమవారం గ్లాసులో ఉన్నదే ఇక్కడా ఉంది. రెండోది గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచి, తీసి, అదే అయిదు నిమిషాలు. తెల్లది మెత్తగా కుదురుకుంది, సొన నిండుగా కారింది. మూడోది మళ్లీ ఫ్రిజ్జుదే, కానీ ఆరున్నర నిమిషాలు. ఇంచుమించు రెండోదానిలాగే ఉంది.

అంటే టైములు తప్పు కాదు. గుడ్డు ఎక్కడి నుంచి బయల్దేరిందో చూసుకోకుండా ఎన్ని నిమిషాలు నడిస్తే ఏం లాభం. ఫ్రిజ్జు గుడ్డయితే ఇంకో నిమిషం, నిమిషమున్నర కలపొచ్చు, ఒకటో రెండో అయితే. ముప్పై గుడ్లు చల్లగా ఒక్కసారి దించితే గిన్నెలో నీళ్ల వేడే పడిపోతుంది, మళ్లీ తెర్లేదాకా ఎంత పడుతుందో ఏ పుస్తకమూ చెప్పదు. చల్లటి పెంకు మరిగే నీళ్లు తగిలితే పగిలేది కూడా ఎక్కువే. అందుకే బకెట్టు. ఏ రుతువైనా, ఎక్కడ దాచినా, గుడ్లన్నీ ఒకే చోటి నుంచి బయల్దేరతాయి.

గుడ్లు మంచం కిందికి తిరిగి వచ్చాయి. ఎలకలకు అడ్డంగా ఇనుప జల్లెడ బోర్లించింది అశ్విని.

శుక్రవారం సాయంత్రం కృష్ణంరాజు గారి ఇంటికి తనే గ్లాసు పట్టుకుని వెళ్లింది. ఆయన చెంచా పెట్టి, తిని, గ్లాసు తుడిచినట్టు ఖాళీ చేసి, రేపు బండి దగ్గరికే వస్తాను, ఇంత దూరం నడవకు అన్నారు. శనివారం రాము వచ్చి గట్టి గుడ్డు కోసి చూశాడు. సొన పొడిగా రాలింది. మరో ఆరు పొట్లం కట్టమని, వెనకున్న లారీలవాళ్లకు చెయ్యి ఊపి కేకేశాడు.

ఆదివారం గణపతిరావు వచ్చేసరికి బండి చుట్టూ నిలబడడానికి చోటు లేదు. సత్తిబాబు పళ్లేలు కడుగుతున్నాడు. అచ్చియ్యమ్మ నల్లద్దాలతో, సెగకు దూరంగా స్టూలు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను పలకరిస్తోంది. గణపతిరావు కాసేపు నిలబడి చూశాడు. అతను బేరం మాట ఎత్తకముందే సత్తిబాబు అతని చేతిలో పాకం గుడ్డు పెట్టాడు.

"తినేసెల్లు బాబూ. బండి అమ్మం. పెళ్లాంతో దెబ్బలాడే ఓపిక నాకు లేదు."

"ఓపికుంటే మాత్రం గెలుస్తావేటి?" అంది అశ్విని, గుడ్లు తీస్తూనే.

గణపతిరావు నవ్వి, తిని, రెండోది కూడా అడిగి మరీ తిని వెళ్లాడు.

జనం పలచబడ్డాక అశ్విని బకెట్లోంచి ఆఖరి గుడ్డు తీసి గిన్నెలో వేసింది. ఎవరికే అని అడిగింది అచ్చియ్యమ్మ. నీకే అంది కోడలు, ఏది కావాలో చెప్పమంది. అత్త నల్లద్దాలు సర్దుకుంది. ముప్పై ఏళ్లుగా ఆమె పగిలినవే తింది, అమ్ముడుపోక మిగిలినవే తింది. ఏది ఇష్టమని ఇంట్లో అడిగినవాళ్లు లేరు. ఆమె కూడా ఎప్పుడూ ఆలోచించలేదు.

అశ్విని ఉల్లిపాయలు ముందుకు లాక్కుంది. ఫోను జేబులోనే ఉంది. మూడోది తరగడం అయ్యింది. పచ్చిమిర్చి మొదలుపెట్టబోతుంటే వెనక నుంచి మెల్లగా మాట వచ్చింది.

"కొత్తిమీర కూడా కోసీసి, అప్పుడు తియ్యే."