సంతకమైన తారీఖు

ఆ ప్రెస్సులో పనివాళ్ళు తమ యజమానికి చాటుగా పెట్టుకున్న పేరు ‘త్వరలో గారు’. ఆయన మంచివాడే. ఒకరి సొమ్ము ఉంచుకునే రకం కాదు, ఒకరిని మాటనే రకమూ కాదు. కాకపోతే తారీఖు చెప్పమంటే చాలు, ఆయన నోట ఒకటే మాట వచ్చేది. కార్డులు ఎప్పుడిస్తారని అడిగితే త్వరలో. పైకప్పు కారుతోందని చెబితే త్వరలో. పెళ్ళెప్పుడు చేసుకుంటావని సొంత అక్క అడిగినా త్వరలోనే. అడిగి అడిగి అక్కకు విసుగొచ్చింది, ఈలోగా ఆయనకు నలభై దాటింది.

ఆ అక్కే ప్రెస్సులో లెక్కలు చూస్తుంది. నెలాఖరు రోజు మధ్యాహ్నం ఆమె తమ్ముడి గదిలోకి వచ్చి తలుపు వేసి కూర్చుంది. ఆమె తలుపు వేసిందంటే శుభవార్త కాదని ఆయనకు చిన్నప్పటినుంచీ అనుభవం. ఒకటో తారీఖున జీతాలివ్వడానికి డబ్బు లేదని ఆమె చెప్పింది. నోటుపుస్తకాల ఆర్డరు కోసం కాగితం కొనడంతో బ్యాంకు వాళ్ళిచ్చిన అప్పు హద్దు దాకా వాడేశారు. సగం పుస్తకాలు అచ్చయి, బిల్లుతో సహా ఆ ఆర్డరిచ్చిన ఏజెంటుకు, బడులకు పుస్తకాలు సరఫరా చేసేవాడికి, చేరిపోయాయి. గడువు దాటినా అతను పైసా కట్టలేదు. ఇప్పుడు జీతాలు ఆలస్యమవుతాయని పనివాళ్ళకు ముందే చెప్పాలి, ఒకటో తారీఖు సాయంత్రం ముఖాలు చూసి చెప్పడం కాదు అన్నది ఆమె మాట.

ఆయన వెంటనే కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. నలుగురి శుభకార్యాలకూ మాటలు కూర్చి కూర్చి అలవాటైన చేయి కదా, నాలుగు వరుసలు అలవోకగా వచ్చేశాయి. అనివార్య కారణాల దృష్ట్యా జీతాల చెల్లింపు కార్యక్రమం వాయిదా పడినదనీ, అది త్వరలో జరుగుననీ సారాంశం. అక్క చదివి, కలం లాక్కుంది.

“అనివార్యం ఏమిట్రా, వరదలొచ్చాయా? డబ్బు లేదు, అదే రాయి. ఏ నెల జీతమో రాయి. అందరికీ పూర్తిగా ఇస్తామని రాయి. అన్నిటికన్నా ముందు తారీఖు రాయి.”

మొదటి మూడింటికీ ఆయన ఒప్పుకున్నాడు. డబ్బు లేదని రాస్తుంటే చెవులు వేడెక్కాయి గానీ, రాశాడు. తారీఖు దగ్గర మాత్రం మొండికేశాడు. ఏజెంటు ఎప్పుడు కడతాడో తెలియకుండా తానెలా రాస్తాడు? అక్కడ ఖాళీ వదిలేయమనీ, అతనితో మాట్లాడి తానే నింపుతాననీ అన్నాడు. కాగితాన్ని కంప్యూటరు దగ్గర కూర్చునే అమ్మాయికి పంపించాడు. ఆ అమ్మాయి చేరి ఎన్నాళ్ళో కాలేదు. ఏదో ఒక పాత ఫైలు తెరిచి మాటలు మార్చెయ్యమన్నాడు.

ఆ అమ్మాయి బుద్ధిగా తెరిచింది. చేతికి దొరికింది ఒక బట్టల దుకాణం ప్రారంభోత్సవ ఆహ్వానం. దాని మాటలు తీసేసి యజమాని మాటలు పెట్టింది. అడుగున ఒక చిన్న చట్రంలో ఉన్నవి మాత్రం ఆమె కంట పడలేదు.

ఆ ప్రెస్సులో ఒక పద్ధతి ఉంది. దేన్ని అచ్చువేయాలన్నా ముందు నమూనా ప్రతి తీస్తారు. దాన్నే ప్రూఫు అంటారు. పని ఎవరిదైతే వాళ్ళు దాన్ని చదివి సంతకం పెట్టాలి. ఆ తరువాత తప్పు దొరికినా ప్రెస్సుకు సంబంధం లేదు. ఈ సంగతి గుమ్మం ఎదురుగా ఎర్ర అక్షరాల బోర్డు మీద రాసి ఉంటుంది: ‘సంతకమైన ప్రూఫులో ఉన్నదే ఖాయం.’ ఫోను నంబరు తప్పు పడిందని ఎవరో మిఠాయి దుకాణం వాడు నెత్తీ నోరూ బాదుకున్నప్పుడు కూడా యజమాని ఒక్క మాట మాట్లాడకుండా ఆ బోర్డు వైపు వేలు చూపించాడు. ఆయన అంత గట్టిగా నిలబడే విషయం అదొక్కటే.

జీతాల నోటీసు ప్రూఫు ఆయన బల్ల మీదికి వచ్చేసరికి ఆయన ఏజెంటుతో ఫోనులో ఉన్నాడు. డబ్బు ఎప్పుడిస్తారని అడుగుతున్నాడు, అవతలివాడు ఏదో నసుగుతున్నాడు. ఆ చిరాకులో ఎడమచేత్తో కాగితాన్ని లాక్కుని సంతకం గిలికేశాడు. అరగంటలో నోటీసు ఆ సంతకంతో సహా అచ్చయి, మిషను పక్కన గోడకు ఎక్కింది.

మర్నాడు పొద్దున్న ఆయన బెదురుతూ లోపలికి వచ్చాడు. ముఖాలు మాడ్చుకుని ఉంటారనుకున్నాడు. చూస్తే అందరూ నమస్కారం పెడుతున్నారు. బైండింగు అతను ఇంటి ఓనరుకు ఫోను చేసి, అద్దె ఎప్పుడిస్తాడో ధైర్యంగా చెబుతున్నాడు. ఊడ్చే ఆవిడ దగ్గరికొచ్చి, తన భర్తను కూడా తీసుకురావాలా అని మొహమాటంగా అడిగింది. ఎక్కడికని ఆయన అడిగాడు. ఆవిడ గోడ వైపు చూపించింది.

ఆయన వెళ్ళి చదివాడు. చేతిలో డబ్బు తక్కువైనందున గత నెల జీతాలు ఆలస్యమవుతున్నాయని ఉంది. ఎవరికీ కోత లేకుండా పూర్తిగా బ్యాంకు ఖాతాల్లో వేస్తామని ఉంది. జరిగిన ఇబ్బందికి క్షమాపణా ఉంది. అడుగున పూలతీగెల చట్రంలో, ‘పన్నెండవ తేదీ, ఉదయం పది గంటలకు, సకుటుంబంగా’ అని కూడా ఉంది. ఆ కింద తన సంతకం, తేటతెల్లంగా.

ఆ తారీఖు తాను వేసింది కాదు. పరుగున అక్క దగ్గరికి వెళ్ళి, ఆ కాగితం పీకేస్తానన్నాడు. అక్క లెక్కల్లోంచి తలెత్తలేదు.

“పీకెయ్. అలాగే ఆ ఎర్ర బోర్డు కూడా పీకెయ్. మిఠాయి దుకాణం ఆయనకు కబురు చేస్తాను.”

ఆయన బోర్డు వైపు ఒకసారి చూశాడు. అయినా పీకేవాడేమో. ఇంతలో మిషను మేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ పాత మిషను ఈ భూమ్మీద అతనొక్కడి మాటే వింటుంది. అతను లేకపోతే మిగతా సగం పుస్తకాల అట్టలు అచ్చయ్యే ఆశ లేదు. ఎదుటి వీధి ప్రెస్సు వాళ్ళు ఎప్పటినుంచో అతని మీద కన్నేసి ఉన్నారు. మేస్త్రి నూనె చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పాడు.

“పదమూడున మా అమ్మాయి ఫీజుకు ఆఖరి రోజండీ. ఎదుటివాళ్ళు అడ్వాన్సు ఇస్తాం, వచ్చెయ్యమన్నారు. నిన్న పొద్దున్నదాకా వెళ్దామనే అనుకున్నా. సాయంత్రం మీరు తారీఖు వేయడం చూసి, వద్దని చెప్పేశాను.”

అని వెళ్ళిపోయాడు. అతని గొంతులో బెదిరింపేమీ లేదు, అదే యజమాని గుండెల్లో గుచ్చుకుంది. తిట్టినా బాగుండేది. ఒక ఆడపిల్ల చదువు తాను చూడకుండా పెట్టిన సంతకానికి వేలాడుతోందని ఆయనకు అర్థమైంది. సిగ్గేసింది, భయమూ వేసింది. అక్క కళ్ళజోడు తీసి, పదకొండు సాయంత్రానికల్లా ఖాతాలో డబ్బు పడితేనే పన్నెండున పంపగలనని మాత్రం చెప్పింది.

వారం రోజులు ఆయన ఫోన్లు చేశాడు. ఏజెంటు ఎత్తినప్పుడు మాట దాటేశాడు, తరువాత ఎత్తడమే మానేశాడు. పదో తారీఖున ఆయన గోడ మీది నోటీసు లాంటిదే ఇంకో కాపీ మడిచి జేబులో పెట్టుకుని అతని ఆఫీసుకు వెళ్ళి కూర్చున్నాడు.

ఏజెంటు ఆఫీసులో సోఫా ఎంత మెత్తగా ఉంటుందంటే, అందులో కూలబడ్డవాడికి లేచి దెబ్బలాడే ఓపిక ఉండదు. యజమాని ఆ సంగతి గ్రహించి నిలబడే ఉన్నాడు. ఏజెంటు మంచినీళ్ళు తెప్పించాడు, కుశలం అడిగాడు, వ్యాపారాలు బాగా లేవని నిట్టూర్చాడు. చివరికి భుజం తట్టి, “మీ డబ్బెక్కడికి పోతుందండీ, త్వరలో ఇచ్చేద్దాం” అన్నాడు.

ఆ మాట ఎదుటివాడి నోట వింటే ఎలా ఉంటుందో ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు. ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళుగా తన గుమ్మంలో నిలబడి వెళ్ళిన వాళ్ళంతా తనను కొట్టకుండా ఎందుకు వదిలేశారో ఆయనకు బోధపడలేదు. జేబులోంచి నోటీసు తీసి బల్ల మీద పరిచాడు.

“ఇది చదవండి. కింద సంతకం నాది. మీ మిగతా పుస్తకాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. బడులు తెరిచేలోపు కావాలని మీరే అన్నారు. అవి ఎప్పుడొస్తాయని అడిగితే నేను కూడా త్వరలోననే చెప్పాలి. చెప్పమంటారా?”

ఏజెంటు నోటీసు చదివాడు. సకుటుంబంగా అన్నచోట కనుబొమలు ఎగరేశాడు గానీ నవ్వలేదు. ఎందుకంటే బడుల దగ్గర అతను కూడా ఎక్కడో ఒక తారీఖు ఒప్పుకునే ఉంటాడు. చెక్కు రాయబోయాడు. చెక్కు చేతికొచ్చినా డబ్బు రావడానికి రోజులు పడతాయనీ, నేరుగా ఖాతాలోకే వేయమనీ యజమాని పట్టుబట్టాడు. బేరమాడి బేరమాడి, సగం పైచిలుకు ఆ సాయంత్రమే వేయడానికీ, మిగతాది ఇరవయ్యో తారీఖున వేయడానికీ ఒప్పందమైంది. యజమాని ఆ కాపీని వెనక్కి తిప్పి, ఆ సంగతి అక్కడ రాయించి, సంతకం పెట్టించుకుని మరీ కదిలాడు. మెట్లు దిగుతూ ఆ తారీఖును మళ్ళీ ఒకసారి చదువుకున్నాడు.

పన్నెండున పది కాకముందే అందరూ చేతులు కడుక్కుని ఫోన్లు పట్టుకున్నారు. ఊడ్చే ఆవిడ, ఎందుకైనా మంచిదని, భర్తను తీసుకొచ్చింది. అక్క లోపల ఒక్కొక్కరికీ డబ్బు పంపుతుంటే బయట ఒక్కో ఫోనూ టింగుమంది. మేస్త్రి తన ఫోను రెండుసార్లు చదువుకున్నాడు. వెంటనే కూతురికి ఫోను చేసి, ఇవాళే కట్టేద్దాం, రేపటిదాకా వద్దు అన్నాడు. తరువాత మిషను ఆన్ చేశాడు. ఆ రొద యజమాని చెవులకు ఎన్నడూ అంత ఇంపుగా తోచలేదు.

ఆయన గదిలోకి వెళ్ళేసరికి బల్ల మీద ఒక ప్రూఫు ఉంది. అక్క ఎదురుగా కూర్చుని ఉంది. అది మరో నోటీసు. వచ్చిన డబ్బు పనివాళ్ళకు సరిపోయినందునా, ఇంకేమీ మిగలనందునా, యజమానికీ ఆయన అక్కకూ గత నెల జీతాలు ఇరవై రెండవ తేదీన చెల్లించబడునని దాని సారాంశం.

ఏజెంటు ఇరవై అన్నాడు కదా అని ఆయన గుర్తుచేశాడు. డబ్బు వచ్చే రోజు వేరు, మాట ఇచ్చే రోజు వేరు, మధ్యన రెండు రోజులైనా ఉంచుకోవాలి అంది అక్క. ఆయన ఈసారి కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొదటినుంచి చివరిదాకా అక్షరం వదలకుండా చదివాడు. అడుగున చట్రమేదీ లేదని చూసుకున్నాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు. అప్పుడు సంతకం పెట్టి, తానే తీసుకెళ్ళి గోడకు అంటించాడు.

మేస్త్రి మిషను దగ్గరనుంచి వచ్చి, కాగితం మీదికి వంగి తీరిగ్గా చదివాడు. యజమాని వైపు జాలిగా చూశాడు.

“తారీఖు వేశారు కదండీ,” అన్నాడు. “ఇంకేం భయం లేదు, వచ్చేస్తాయి.”